పద్నాలుగో ప్రశ్న కీ

నా చెయ్యి దురుసుది. ప్రొద్దుటూరులో కానిస్టేబుల్ పరీక్షకు ఇంగ్లీషు చెప్పే నారాయణ సారుకు, అంటే నాకు, బెత్తం అక్కర్లేదని పేరు. ఆ పేరు విని మురిసిపోయేవాణ్ణి, సిగ్గులేని వెధవని.

ఆ ఆదివారం మాక్ టెస్టులో పద్నాలుగో ప్రశ్న: ఒక మనిషిని మరో మనిషి చంపడాన్ని ఒక్క మాటలో ఏమంటారు? మర్డర్, హోమిసైడ్, మ్యాన్‌స్లాటర్, జెనోసైడ్. నేను అచ్చేయించిన గైడులో జవాబు మర్డర్. క్లాసంతా అదే పెట్టింది, జమ్మలమడుగు నయీం తప్ప. వయసు దాటిపోకముందు వాడికి ఆ ఏటి కానిస్టేబుల్ నోటిఫికేషనే ఆఖరిది.

"కీ తప్పు సార్," అన్నాడు లేచి. "కావాలని చంపితే మర్డర్. చంపాలని లేకుండా ప్రాణం పోతే మ్యాన్‌స్లాటర్. ఈడ ఎట్ల చంపినాడో చెప్పలేదు గదా. అన్నీ కలిపి చెప్పేది హోమిసైడే."

"నువ్వేమన్నా లాయరువా?" అన్నాను. క్లాసు నవ్వింది.

"కోర్టులో లాయరు నోట ఏడేండ్లు విన్న్యా సార్. నీళ్ల వంతు కాడ మాటామాటా పెరిగి మా నాయన తల గడ్డపారతో పగలగొట్టినాడు ఒగడు. ఆ నెత్తురు నా చొక్కా మీద పడింది. అప్పటికప్పుడు రేగిన కొట్లాటంట, మర్డర్ కిందికి రాని హోమిసైడంట. ఐదేండ్ల శిక్షతోనే బయటికొచ్చినాడు. నాకు తెలీదా సార్ ఆ తేడా?"

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. నవ్విన క్లాసు కాస్తా నా గైడు వైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి వాడి జుట్టు పట్టి బెంచీకేసి కొట్టాను. ముక్కు పగిలింది. "తప్పు నీదని ఒప్పుకో" అన్నాను.

"ఒప్పుకోను సార్."

శక్తి కొద్దీ చెంప మీద కొట్టాను. ఎడమ చెవి పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందున సన్నగా నెత్తురు కారింది. అయినా ఆగలేదు నేను, డొక్కలో తన్నాను. షఫీ, మా లెక్కల సారు, నన్ను వెనక నుంచి వాటేసుకుని లాగాడు.

అసలు పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. బోర్డు కీలో హోమిసైడ్. నా గైడు బట్టీ పట్టినవాళ్లంతా మార్కు పోగొట్టుకున్నారు. నయీం నెగ్గాడు, పరుగులోనూ నెగ్గాడు. మెడికల్‌లో డాక్టరు ఎడమ చెవిలో లైటు వేసి చూశాడు. కర్ణభేరికి చిల్లి, వినికిడి చాలదు, అన్‌ఫిట్.

జమ్మలమడుగు వెళ్లాను. వాళ్లమ్మ ఖాతూన్‌బీ నన్ను గడప దగ్గరే నిలబెట్టింది. "మా నయీం నాయన్ను చంపినోడు కోపంలో చేసినానన్న్యాడు. నువ్వూ అదే చెప్పేకొచ్చినావా సారూ?" అంది. ఛీ, ఏం బతుకు నాది!

ఇల్లు చుట్టి వెళితే, నయీం పెరటి అరుగు మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. వాడి ఎడమ పక్కన చేరి తల వంచుకుని, మెల్లగా "తప్పు నాదే నయీం, నువ్వు చెప్పిందే రైటు," అన్నాను.

వాడు కదల్లేదు. ఎందుకో తల తిప్పి, నన్ను చూసి ఉలిక్కిపడి లేచాడు.

"ఎప్పుడొచ్చినారు సార్? ఏమన్నా అంటాండారా? ఈ పక్కకొచ్చి చెప్పండి."