తెలుగులో గురువారం, ఇంగ్లీషులో సోమవారం

మా ఫర్నిచర్ కొట్లో ఆలస్యాన్ని రెండు భాషల్లో చెబుతాం. తెలుగులో ఫోన్ మెసేజ్ నా పని. ఇంగ్లీషులో మెయిల్ మా వదిన పని. తెలుగుది మనిషికి, ఇంగ్లీషుది ఫైలుకి. ఒకసారి ఎవడో పెద్దమనిషి మంచం ఆలస్యమవుతుందని మేం ముందే చెప్పినా, తనకెవరూ చెప్పలేదని గొడవకి దిగాడు. అప్పటినుంచి వదిన ఈ పద్ధతి పెట్టింది. ఆఫీసులవాళ్ళకైతే ఇంగ్లీషు కాగితం లేకపోతే మనం చెప్పిన మాట మాటే కాదు.

అన్నయ్య పోయాక కొట్టు మా ఇద్దరిదీ అయింది. కర్ర పని నాది, కంప్యూటర్ వదినది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన విషయం ఆవిడ ఎప్పుడూ ఎత్తదు. ఎత్తకపోవడంలోనే ఎత్తుతుంది.

ఆ వారం కుర్చీలకి వెయ్యాల్సిన నీలం గుడ్డ రాలేదు. మిల్లు దగ్గరే ఆగిపోయిందట, శుక్రవారానికి గాని చేరదన్నారు. చట్రాలు పాలిష్ ఆరి, నురుగు అతికించి, బట్ట కోసం వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. మంగళవారం ఇస్తామని ఒప్పుకున్న సరుకు. వదిన లెక్క తేల్చింది.

"శుక్రవారం గుడ్డ వస్తే శని, ఆదివారాలు కూర్చుని బిగించాలి. సోమవారం కన్నా ముందు కుదరదు. అందరికీ సోమవారమే రాయి."

తెలుగు మెసేజ్ ఆవిడే టైపు చేసి నా ఫోనుకి పంపింది. 'మీరు ఆర్డర్ ఇచ్చిన కుర్చీలు గుడ్డ ఆలస్యం వల్ల మంగళవారం ఇవ్వలేకపోతున్నాం. సోమవారం తెచ్చి ఇస్తాం. వద్దనుకుంటే చెప్పండి, అడ్వాన్సు తిరిగి ఇస్తాం. ఇబ్బందికి మన్నించండి.' ఒక్కొక్కరికీ పంపడమే నా వంతు.

నీలం గుడ్డవాళ్ళు ముగ్గురు. ఇద్దరికి పంపేశాను. మూడోది ఒక ఆఫీసు, ఎనిమిది కుర్చీలు. ఆ ఆఫీసు తరఫున ఆర్డర్ ఇచ్చింది మా అమ్మాయి.

మా అమ్మాయని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. మా కొట్టు పేరు తెలిసే ఇచ్చిందో, మూడు కొటేషన్లు పిలిచి తక్కువ ధర అని ఇచ్చిందో నాకూ తెలియదు. ఆర్డర్ మెయిల్ మొదట్లో 'డియర్ సర్' అని ఉంటే వదిన చదివి వినిపించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నాతో పడక వెళ్ళిపోతున్న వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మా ఇంట్లోంచి కదిలినప్పుడు ఆ పిల్లకి పలక సంచీ భుజం మీద నిలిచేది కాదు. ఇప్పుడు నేను సర్‌ని.

మెసేజ్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. సోమవారం. మంగళవారం కోసం నేను గడ్డం గీయించుకుని, చొక్కా ఇస్త్రీ చేయించి ఉంచాను. బిగింపు పని చూడాలి కాబట్టి నేనే వెళ్ళాలి. అంతే, ఇంకేం లేదు. సోమవారం అన్న మాటని చెరిపి గురువారం అని రాసి పంపేశాను.

ఎందుకు రాశానంటే ఏం చెప్పను. గుడ్డ తొందరగా రావచ్చు కదా అనుకున్నాను. లోకంలో అందరి సరుకూ ముందే వస్తుంది, నాదే ఆగాలా?

మధ్యాహ్నం కొట్టు ఫోను మోగింది. వదిన గుడ్డ మిల్లువాడితో సెల్లులో వాదులాడుతోంది. నేనే ఎత్తాను.

"కుర్చీల ఆర్డర్ గురించి మాట్లాడాలండీ."

మా అమ్మాయి గొంతు వాళ్ళమ్మది కాదు. నాది అసలే కాదు. ఎవరిదో కొత్త గొంతు.

"చెప్పండి."

"మీ దగ్గర్నుంచి రెండు వచ్చాయి. తెలుగులో గురువారం అని, ఇంగ్లీషులో సోమవారం అని. నేను దేన్ని కన్ఫర్మ్ చెయ్యాలి?"

"మీకేది కావాలి?"



"నాకేది కావాలో కాదండీ. ఏది నిజం?"

చేతిలో ఉలి ఉంటే బల్లని చెక్కుతూ కూర్చునేవాణ్ణి. లేదు. వేలితో దుమ్ములో గీత గీశాను.

"ముదురు గోధుమరంగు గుడ్డ ఉంది," అన్నాను. "మంచి రకం. దాంతో అయితే గురువారం నేనే తెస్తాను. ఒట్టు."

"ఆర్డర్ నీలం. మార్చాలంటే పైవాళ్ళు మళ్ళీ సంతకాలు పెట్టాలి. ఆ సంతకాలయ్యేసరికి మీ నీలం ఎలాగూ వస్తుంది."

నవ్వబోయి ఆగినట్టుంది. తర్వాత గొంతు తగ్గించింది. పక్కన ఎవరో ఉన్నారేమో.

"చిన్నప్పుడు ఆదివారం నన్ను చూడ్డానికి వస్తానన్నప్పుడు కూడా ఇలాగే చెప్పేవారు. వీలైతే రావచ్చు, కాకపోతే లేదు. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టడం అమ్మ వంతు."

లారీలు, ఆర్డర్లు, మీ పెదనాన్న జబ్బు, మీ అమ్మ మాటలు. ఇవన్నీ నా నోట్లో వరసగా నిలబడ్డాయి. ఎవరికి చెప్పినా అవి నిజమే. ఆ పిల్లకి పనికిరావు.

"సోమవారమే," అన్నాను. "ఇంగ్లీషుదే నిజం."

"అలా ముందే చెబితే సరిపోయేది కదా."

"సోమవారం నేనే వచ్చి బిగిస్తాను."

"సోమవారం నాకు సెలవు. అమ్మని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, మార్చడం కుదరదు. గురువారమైతే ఉండేదాన్ని." కాగితాలేవో సర్దింది. "తెలుగు మెసేజ్ మళ్ళీ పంపండి, సరైన రోజుతో. రెండూ ఒకటే ఉండాలి ఫైల్లో."

ఫోను పెట్టేసరికి వదిన నా ఎదురుగా నిలబడి ఉంది.

"మన పిల్లేనా?"

"కస్టమరు."

"ఆ కస్టమరుకి నువ్వు గురువారం అని రాశావా మరిదీ? మరి నా ఇంగ్లీషు ఏమైపోవాలి?"

"నీ ఇంగ్లీషే గెలిచింది లే వదినా. పండగ చేసుకో."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. మెసేజ్ మళ్ళీ నా ఫోనుకి పంపింది. ఈసారి ఒక్క అక్షరం ముట్టుకోకుండా పంపాను. సాయంత్రానికి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. 'Revised delivery date, Monday, confirmed.' వదిన దాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టింది. రికార్డుకి ఏ లోటూ లేదు.

సోమవారం వ్యానులో వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. ఎవరికోసమని? గదిలో ఎనిమిదీ దింపించి, ఒక్కొక్కటి తిరగేసి బోల్టులు బిగించి, కూర్చుని ఊపి చూశాను. సంతకం పెట్టింది ఆఫీసు అటెండరు. ముసలాయన, మాటకారి.

"మీ కుర్చీలు బాగున్నాయయ్యా. మేడమ్ గట్టిగా నిలబడి మీకే ఇప్పించారు. ఇంకెవరో తక్కువకిస్తామన్నారు, ఈవిడే ఒప్పుకోలేదు."

"ఏ మేడమ్?"

"అదిగో, ఆ చివర సీటు."

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. బల్ల మీద ఒక నీళ్ళ సీసా, కుర్చీ వీపుకి వేలాడేసిన స్వెట్టరు, తుడిచి పెట్టిన కీబోర్డు. ఫొటోలేం లేవు. పక్కనే పెద్ద కిటికీ. దేన్నీ ముట్టుకోలేదు. స్వెట్టర్ కూడా.

వ్యానులో కూర్చుని ఫోను తీశాను. డెలివరీ అయ్యాక కూడా తెలుగులో చెప్పాలి. అది మా పద్ధతే. 'కుర్చీలు దింపాం. ఎనిమిదీ నీలమే. బోల్టులు గట్టిగా ఉన్నాయి.' అక్కడికి చాలు. పంపేసేవాణ్ణే. కానీ కింద ఇంకో మాట రాశాను. దాన్ని వదిన టైపు చెయ్యలేదు.

'నీ సీటు కిటికీ పక్కన ఉంది. వెలుతురు బాగుంది.'

డ్రైవరు బండి తీశాడు. సిగ్నలు దగ్గర ఆగాం, కదిలాం, మళ్ళీ ఆగాం. చదివిందని ఫోను చూపించింది. ఏదో రాస్తోందని చూపించింది. ఆగిపోయింది. మళ్ళీ రాస్తోంది. కంటి డాక్టర్ వరండాలో బెంచీ మీద, పక్కన వాళ్ళమ్మ కళ్ళలో మందు వేయించుకుని తల వెనక్కి వాల్చి ఉండగా, ఈ పిల్ల ఫోను మీద తల వంచి ఏం రాస్తుందో, ఏం చెరుపుతుందో.

కొట్టు దగ్గర దిగాక వచ్చింది. తెలుగులో.

'మధ్యాహ్నం ఎండ మొహానికి కొడుతుంది.'

అంతే. ఫిర్యాదో, కబురో తేల్చుకోలేక గుమ్మంలోనే నిలబడ్డాను. వదిన లోపల్నుంచి కేకేసింది, దింపేశారా, సంతకం పెట్టారా, ఫైల్లో పెట్టాలి అంటూ. పెట్టారన్నాను. ఇది మాత్రం ఆవిడకి చూపించలేదు.