పట్టని ఉత్తరం

చనిపోయిన మా అక్క ఇంగున్ పదేళ్లపాటు నాకు రాసిన ఈమెయిళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోని చిన్న ఏఐ భాషా మోడల్‌కి నేర్పిస్తున్నాను, ఆమెలా మాట్లాడుతుందని. గ్రాఫిక్స్ మెమరీ చాలక శిక్షణ మూడుసార్లూ ఒకే మెయిల్ దగ్గర ఆగిపోయింది.

నార్వేలోని ట్రాండ్‌హైమ్ ఆఫీసులో నా పక్క సీటు ట్రిగ్వె తొంగిచూశాడు.

"అదొక్కటే మరీ పొడుగు, సునివా. ఎనిమిది జీబీలో పట్టి చావదు. మొదటి పేజీ ఉంచి మిగతాది కోసెయ్. అంత ఏం రాసింది?"

"తెలీదు. తెరవలేదు."

చనిపోయే ముందురోజు రాసింది. తొమ్మిది పేజీలు.

కోసేశాను. ఈసారి శిక్షణ ఎక్కడా ఆగలేదు. సాయంత్రం మోడల్‌ని పలకరించాను. అచ్చం అక్కలాగే అడిగింది: "ఏమే, నా ఉత్తరాలు చదివావా?"

"అన్నీ చదివాను" అని టైపు చేశాను.