హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయిన సెలవు చీటీ

మరిది పెళ్లి హడావిడిలో సేఫ్టీ పిన్ను కోసం హ్యాండ్‌బ్యాగు గాలిస్తుంటే, తల్లి చేతికి నాలుగు మడతల కాగితం తగిలింది.

అది కూతురి సెలవు చీటీ. ప్రిన్సిపాల్ గారికి, క్లాస్ టీచర్ ద్వారా. అయిదో తరగతి, రోల్ నంబరు, బాబాయి పెళ్లికి పొరుగూరు వెళ్తున్నందున గురువారం నుంచి శనివారం దాకా మూడు రోజులు. బుధవారం తల్లే మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద రాసింది. పిల్ల పారేస్తుందేమోనన్న భయంతో, తనే ఇస్తానని బ్యాగులో పెట్టుకుంది.

చీటీ ముందే అందితే రిజిస్టర్లో సెలవు పడుతుంది, తప్పిన పరీక్ష మళ్లీ పెడతారు. అందకపోతే గైర్హాజరు. పెళ్లి రోజే బడిలో లెక్కల పరీక్ష. ఇక సున్నాయే.

"దానికింత ఇదైపోతావేంటక్కా?" అంది తోడికోడలు. "తేదీ బుధవారందే ఉందిగా. పిల్ల ఇవ్వడం మర్చిపోయిందని చెప్పు. చిన్నపిల్లని ఎవరేమంటారు?"

సోమవారం బడికి వెళ్లే దారిలో తల్లి ఆ మాటే కూతురికి నూరిపోసింది. పిల్ల ఎందుకని అడగలేదు. "సరేలే అమ్మా" అంది. అడిగి ఉంటే బాగుండేదనిపించింది తల్లికి.

ప్రిన్సిపాల్ చీటీ మీది తేదీ చూసి కళ్లజోడు తీసింది.

"బుధవారం రాసింది సోమవారమా ఇవ్వడం?"

"మర్చిపోయాను మేడమ్" అంది పిల్ల.

"క్లాస్ లీడరువి. ఇంత మతిమరుపైతే ఆ బ్యాడ్జీ ఎందుకు?"

పిల్ల తల వంచుకుని బ్యాడ్జీ పిన్ను విప్పడం మొదలుపెట్టింది. పిన్ను బిగుసుకుపోయింది. ఆ చిన్న వేళ్ల తంటాలు తల్లి చూడలేకపోయింది.

"దాని తప్పు లేదు మేడమ్. చీటీ నా బ్యాగులోనే ఉండిపోయింది. అలా చెప్పమన్నది నేనే."

ఇప్పుడు పిల్లని బడిలోంచే తీసేస్తారేమో అనుకుంది తల్లి.

ప్రిన్సిపాల్ పాత చీటీ తిరిగిచ్చి, తెల్లకాగితం ముందుకు తోసింది. "ఇవాళ్టి తేదీ వేసి జరిగింది జరిగినట్టు రాయండమ్మా. హాజరు సంగతి చూస్తాను. పరీక్ష మాత్రం పెట్టను." పిల్ల వైపు తిరిగి, "బ్యాడ్జీ ఉంచుకో" అంది.

తల్లి రాసింది. పిల్ల భుజం మీంచి తొంగి చూసి, "రోల్ నంబరు వెయ్యలేదు" అని గుర్తుచేసింది.

వరండాలో అడిగింది తల్లి. "సున్నా వచ్చింది. నా మీద కోపంగా ఉందా?"

పిల్ల కాస్త ఆలోచించింది.

"బాబాయి మళ్లీ పెళ్లి చేసుకుంటే, చీటీ నేనే ఇస్తాలే."

అని క్లాసుకి పరిగెత్తింది. తల్లికి నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయింది. పాత చీటీ ఆమె గుప్పిట్లో చెమటకు తడిసి మెత్తబడిపోయింది.