అలవెన్సు

పీఎఫ్ ఆఫీసు దాకా సుశీలను సుందర్ రావే స్కూటర్ మీద తీసుకొచ్చాడు. ఇద్దరూ హన్మకొండలోని ఒకే ప్రైవేటు దవాఖానలో ఒకే ఏడాది చేరారు. ఆమె వార్డులో ఆయా, ఆయన అకౌంట్స్ చూసేవాడు. చర్చిలోనూ ఒకే వరుసలో కూర్చునేవాళ్లు. యాభై ఎనిమిది నిండాయని ఇప్పుడు ఇద్దరూ పింఛనుకు పెట్టుకుంటున్నారు.

కౌంటర్లో ఉన్న రమాకాంత్ కంప్యూటర్ చూసి ఇద్దరికీ అంచనా చెప్పాడు. సుశీలకు వచ్చేది చాలా తక్కువ.

"గింతేనా సారూ? నాది పద్దెనిమిది వేల జీతం గదా!"

"మీ బేసిక్ ఏడు వేలేనమ్మా. మిగిలింది ఇంటి అద్దె, స్పెషల్ అలవెన్సు అని చూపిన్రు. పీఎఫ్ బేసిక్, డీఏ మీదనే కట్టిన్రు. పింఛను లెక్క గూడ దాని మీదనే. సర్వీసు, ఆఖరి అరవై నెలల సగటు జూస్తరు."

"మరి అన్నకు?"

"ఆయనకు ఐదేండ్ల నుంచి బేసిక్ పదిహేను వేలుంది. పింఛనుకు లెక్కలోకొచ్చే పరిమితి గదే."

ఐదేళ్లు. అంటే సరిగ్గా ఆ అరవై నెలలు. సుశీల తల తిప్పి చూసింది. సుందర్ రావు గోడమీది క్యాలెండర్ చూస్తున్నాడు.

ఐదేళ్ల కింద జీతాలు పెరిగినప్పుడు ఆమె అడిగింది. "అన్నా, బేసిక్ పెరుగుతలేదేంది?" అని. "పీఎఫ్ కటింగ్ తక్కువైతే చేతికి ఎక్కువొస్తది చెల్లె. ఫికర్ చెయ్యకు," అన్నాడు. నమ్మింది. కొత్త జీతం కాగితాల మీద సంతకానికి తోటి ఆయా వినోద మొరాయిస్తే కూడా "మా అన్న చెప్పిండు, సంతకం పెట్టు" అని తానే ఒప్పించింది. జీతం పెరిగిన సంతోషానికి వార్డులో అందరికీ మిర్చి బజ్జీలు పంచింది కూడా.

"నీకు తెల్సు గదన్నా."

"మేనేజ్‌మెంటు జెప్పింది చెల్లె. నేనేం జెయ్యాలె?"

"నీ బేసిక్ ఎవలు పెంచిన్రు మరి? దేవుడా?"

ఆయన జేబులోంచి స్కూటర్ తాళం తీశాడు. "పద, ఎండయితాంది. ఇంటికాడ దించుత," అన్నాడు.

సుశీల కౌంటర్ వైపు తిరిగింది. "సారూ, గీ స్పెషల్ అలవెన్సు మా ఆయాలందరికీ ఒక్కతీరుగనే, నెలనెలా ఇచ్చిన్రు. దాని మీద కట్టకపోవుడు సరైందేనా?"

రమాకాంత్ తలెత్తి చూశాడు. "ఇంటి అద్దె బేసిక్‌ల కలువదు. కానీ అందరికీ మామూలుగ ఇచ్చే అలవెన్సు బేసిక్‌ల భాగమే, సుప్రీంకోర్టు గూడ జెప్పింది. ఫిర్యాదిస్తే విచారణ జేస్తరు. తేలితే యాజమాన్యమే కట్టాలె. గప్పుడు పింఛను గూడ మళ్ల లెక్కేస్తరు."

"చెల్లె, జర ఆలోచించు. నా పేరొస్తది," సుందర్ రావు గొంతు తగ్గించాడు.

"ఐదేండ్లు నీ మాట మీదనే గదన్నా ఆలోచించిన."

ఆమె ఫోన్ తీసి వినోదకు చేసింది. "వినోదా, వార్డోళ్లందరిని తీస్కొని పీఎఫ్ ఆఫీసుకు రా. బజ్జీలకు గాదు. నేను మీతోని తప్పు సంతకం పెట్టించిన, సరి జేద్దాం."

స్కూటర్ మీద ఆయన ఒక్కడే వెళ్లాడు.