కష్టానికి కొలత

పూర్ణిమ గ్రూప్స్ పరీక్షలకు చదవడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. తార్నాకలోని హాస్టల్ గది నుంచి పొద్దున ఏడింటికి నడుచుకుంటూ యూనివర్సిటీ క్యాంపస్‌కు రావడం, లైబ్రరీ మూసేదాకా చదవడం, మళ్లీ నడుచుకుంటూ పోవడం. ఈ మధ్య ఆ నడకకే ఒళ్లు నొప్పులు పుడుతున్నాయి.

సాయంత్రాలు సూర్యనారాయణగారు ఒక ఖాళీ క్లాసు గదిలో పాలిటీ చెప్పేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ రిటైర్డ్ లెక్చరర్. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోరు. క్లాసు చివర మాత్రం రోజూ ఒకే మాట అనేవారు.

"కష్టపడి చదివినవాళ్లెవరికీ ఉద్యోగం రాకుండా పోలేదు. ఒక్కరినీ చూడలేదు నేను."

గత ఏడాది పూర్ణిమ రూమ్మేట్ శైలజకు ఉద్యోగం రాలేదు. మూడేళ్లు రోజుకు పన్నెండు గంటలు చదివిన మనిషి. పూర్ణిమ ఆ సంగతే చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు.

"గంటలు లెక్కపెట్టుకుంటే కష్టమైపోతుందా అమ్మా? అసలైన కష్టమంటే రివిజన్, ప్రాక్టీస్ పేపర్లు."

శైలజ ఆ మాట నమ్మింది. తన తప్పేననుకుని సామాను సర్దుకుని ఊరికి పోయింది.

ఆ తర్వాత అదే క్లాసుకు అడిక్‌మెట్ నుంచి వచ్చే పరశురాంకూ రాలేదు. అతను పేపర్లు రాసీ రాసీ వేళ్లు వాచిపోయినవాడు. ఈసారి ఆయన, "పేపర్లు రాశాడులే. మనసు పెట్టి రాయలేదు. మనసు పెట్టకపోతే అది కష్టమే కాదు," అన్నారు.

"మనసు పెట్టలేదని ఎట్ల తెలిసింది సార్?"

"పెట్టి ఉంటే వచ్చేదిగా!"

ఎంతమందిని చూపించినా ఇంతేనని పూర్ణిమకు అప్పుడర్థమైంది. ఉద్యోగం రానివాళ్లను ఒక్కొక్కరినే కష్టం లెక్కలోంచి తీసేస్తుంటే ఆ మాట ఎప్పటికీ తప్పు కాదు. కాకపోతే దాని అర్థం ఒక్కటే మిగులుతుంది: ఉద్యోగం వచ్చినవాళ్లకు ఉద్యోగం వచ్చింది.

వాదించే ఓపిక ఆమెకు లేదు. పరీక్ష రాసిన మర్నాడు ఒక్కటే అడిగింది.

"సార్, రిజల్ట్ రాకముందే చెప్పండ్రి. కష్టమంటే ఏంది? రేపు మళ్లీ మార్చొద్దు."

ఆయన కాస్త నొచ్చుకున్నా ఆలోచించే చెప్పారు. ఏడాదిపాటు రోజుకు పది గంటలు. సిలబస్ మూడుసార్లు తిరగేయాలి. నలభై పేపర్లు రాసి తప్పులు దిద్దుకోవాలి.

"మరి మనసు?"

"తప్పులు దిద్దుకున్నవాడు మనసు పెట్టినట్టే."

"నేను ఇవన్నీ చేసిన సార్. మీరే చూసిన్రు."

"చూశాను. నువ్వు కష్టపడ్డావు," అన్నారాయన. "నీకు వచ్చి తీరుతుంది."

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. రెండు మార్కుల తేడాతో పూర్ణిమకు పోయింది. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. సాయంత్రం క్లాసుకు ముందు వెళ్లి చెప్పింది. సూర్యనారాయణగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"చూడమ్మా, బహుశా నీలో ఆ నమ్మకం..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. నమ్మకం సంగతి ఆ రోజు ఆయన చెప్పలేదు. ఇప్పుడు చేర్చడానికి, ఆమెకు రాలేదన్నది తప్ప వేరే కారణమేమీ లేదు.

"అనుండ్రి సార్. నాకేం గాదు. కానీ శైలజ ఏడాది నుంచి తను ఒళ్లు దాచుకున్నదనే అనుకుంటున్నది."

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. "పోస్టులు వందల్లో, రాసేవాళ్లు లక్షల్లో. అందరూ నీలా చదివినా అందరికీ రావు. ఇది నాకు తెలియక కాదు. పిల్లలు డీలా పడతారని అలా అనేవాణ్ని. నువ్వు కష్టపడ్డావు. నీకు రాలేదు. నా మాటే తప్పు."

ఆ మాటకు పూర్ణిమకు సంతోషమేమీ కలగలేదు. భుజాల మీంచి ఏదో దించినట్టు మాత్రం అనిపించింది.

ఆ రోజు క్లాసులో ఆయన, "కష్టపడితే అవకాశం పెరుగుతుంది. వచ్చి తీరుతుందని మాత్రం చెప్పలేను," అన్నారు. వెనక బెంచీ నుంచి సాయితేజ అనే కొత్త కుర్రాడు లేచాడు.

"మరెందుకు చదవాలె సార్?"

"ఎన్నేళ్లు చదవాలో ముందే నిర్ణయించుకుని చదువు," అన్నారాయన అలసటగా.

ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు పుస్తకాలు తెరిచారు.

పూర్ణిమ ఆ వారమే శైలజకు ఫోన్ చేసి సార్ అన్నదంతా చెప్పింది. అంతా విని శైలజ, "ఇంకోసారి చెప్పవే," అంది. పూర్ణిమ మొదటినుంచి మళ్లీ చెప్పింది.

ఆరేళ్లు చాలనుకుని జూన్‌లో పూర్ణిమ మల్కాజ్‌గిరిలోని ఒక స్కూల్లో సోషల్ టీచరుగా చేరింది. అంతకుముందు పది రోజులు హాస్టల్ గదిలో మధ్యాహ్నాలు కూడా పడుకుని నిద్రపోయింది.