సిగ్నల్స్ కోర్సులో ప్రమోద్ జవాబులు

కాలేజీ పోర్టల్ చూసుకునే గిరిబాబుకి ఉత్తరాలు కొత్త కాదు. పాస్‌వర్డ్ మరిచిపోయానని, మార్కులు కనబడటం లేదని వారానికి పదైనా వస్తాయి. కానీ మూడో సంవత్సరం ఈసీఈ అమ్మాయి నీలవేణి తెచ్చిచ్చిన కాగితాన్ని మాత్రం అతను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"గౌరవనీయులైన పోర్టల్ అడ్మినిస్ట్రేటర్ గారికి, నమస్కరించి వ్రాయునది. మేము రెండో సంవత్సరంలో చదివిన సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ కోర్సును పోర్టల్‌లో మూసివేసినారు. అందులోని చర్చల మెసేజీలన్నియు నాకు ప్రింటు తీసి ఇప్పించవలెనని ప్రార్థన. నాకు ఆ సబ్జెక్టు సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. చిత్తగించవలెను."

సెమిస్టర్ అయిపోగానే కోర్సుని విద్యార్థులకు కనబడకుండా దాచేయడం గిరిబాబు పనే. దాచాడంటే చెరిపాడని కాదు. లోపలిదంతా అలాగే ఉంటుంది, అతనికి కనబడుతుంది. చర్చల పేజీ తెరిచాడు. రెండొందల పైచిలుకు మెసేజీలు. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి మార్కుల పేజీ కూడా తెరిచాడు.

"ఏటమ్మా నీలవేణీ, ఈ సబ్జెక్టులో నీకు డెబ్బై రెండు వచ్చినాయి. డెబ్బై రెండొచ్చినోళ్ళకి సప్లీ ఎందుకో సెప్పు."

అమ్మాయి తల దించుకుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది.

"నాకు కాదు సార్. మా ప్రమోద్‌కి."

గిరిబాబు తెర వైపు చూశాడు. అడిగిన ప్రశ్నలు నలభై మందివి. జవాబుల్లో సగానికి పైగా ఒకే పేరు, పి. ప్రమోద్. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఒక్కో జవాబు ఒక్కో పేజీ.

"ఇంతమందికి పాఠం సెప్పినోడు పరీక్ష తప్పీసినాడా?"

"తప్పలేద్సార్. రాయలేదు. ఆ దినం ఆళ్ళ నాన్నకి ఆపరేషను. మా ఇద్దరిదీ సీపురుపల్లి దగ్గిర ఒకే ఊరు, పట్నం ఆస్పత్రిలో ఇంకెవులున్నారు, ఆడే ఉన్నాడు. తరవాత సప్లీ వచ్చినా సిగ్గుతో రాయనేదు. అందరికీ సెప్పినోణ్ణి, సప్లీ వాళ్ళ బల్ల మీద కూకోనా అంటాడు. ఇప్పుడు కాలేజీకే రావట్లేదు. ఆళ్ళ మావ ట్రాక్టరు తోల్తన్నాడు. ఈపాలి కూడా రాయకపోతే పై సంవత్సరానికి పంపరు సార్. సప్లీ ఫారాలకి ఈ శుక్రవారం ఆఖరు."

"అయితే ఆ మెసేజీలేటి సేస్తావు?"

"ఆడి ముందర పడేస్తాను. ఇది రాసినోడివి నువ్వేరా, సదూకో అంటాను. పుస్తకాలన్నీ ఎవులికో ఇచ్చీసినాడు సార్. ఆడు రాసిందేదీ ఆడి దగ్గర నేదు."

గిరిబాబుకి ఈ పిల్ల మీద ముచ్చట పుట్టింది. ముచ్చట పుట్టినంత మాత్రాన నిబంధన మారదు.

"సూడమ్మా. నువ్వు రాసినవి నీకిస్తాను. ఆడు రాసినవి ప్రింటు తీసి నీ సేతిలో పెట్టకూడదు. మిగతా పిల్లలవీ అంతే. ఎవులి మాట ఆళ్ళది. ప్రమోద్ సంతకంతో ఒక కాయితం తే, ఆడివి ఆడికే ఇస్తాను."

"ఆడు అడగడు సార్. అడిగేవోడైతే నేనెందుకు ఇంత అబద్దం రాస్తాను?"

గిరిబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నీలవేణిని వెంటబెట్టుకుని మేడ మీదికి వెళ్ళాడు. డిపార్ట్‌మెంటు పెద్ద కన్యాకుమారి మేడమ్ ఉత్తరం చదివి కళ్ళెగరేసింది.

"అబద్ధం రాసినందుకు ముందు నిన్ను బయట నిలబెట్టాలి" అంది. నీలవేణి నిజంగానే గుమ్మం బయటికి వెళ్ళి నిలబడింది. మేడమ్‌కి నవ్వాగలేదు. "రావే, లోపలికి రా. గిరిబాబుగారూ, ఏదైనా దారుందా?"

"ఒకటుందండి. ఆ సబ్జెక్టు సప్లీ రాయాల్సినోళ్ళు ప్రమోద్‌తో కలిపి పదకొండు మందున్నారు. ఆళ్ళ కోసమని మీరు రాసిస్తే, పరీక్ష అయ్యేదాకా కోర్సు తెరుస్తాను. పాత చర్చలు ఆ బ్యాచీ అందరికీ మళ్ళీ కనబడతాయి. అప్పుడు సదివినోళ్ళే కదా, కొత్తగా ఎవులికీ చూపించినట్టు కాదు."

మేడమ్ అక్కడికక్కడే రాసి సంతకం చేసింది. సాయంత్రానికి కోర్సు తెరుచుకుంది. పోర్టల్ చూడమని పదకొండు మందికీ కబురు వెళ్ళింది.

మర్నాడు బుధవారం. గిరిబాబు లాగిన్ల జాబితా చూశాడు. పది మంది వచ్చారు. ప్రమోద్ రాలేదు. గురువారం పొద్దునా రాలేదు.

"ఫోను సేసి సెప్పినాను సార్. సూస్తాన్లే అన్నాడు. సూడడు" అంది నీలవేణి. కాసేపు గోరు కొరుక్కుంది. "సార్, ఇప్పుడు నేను ఏదైనా రాస్తే ఆడికి తెలుస్తాదా?"

"చర్చలో ఏం రాసినా అందరికీ మెయిలు ఎల్తాది. ఆడి ఫోనుకీ వస్తాది. అరగంట నీకు దిద్దుకోడానికి గడువుంటాది, అది అయ్యాకే ఎల్తాది."

నీలవేణి పక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. అప్పట్లో కన్వల్యూషన్ అనే లెక్క ఎవరికీ ఎక్కకపోతే ప్రమోద్ మడిలో నీళ్ళ పోలికతో చెప్పాడు. ఇవాళ పెట్టిన నీటి తడి ఇవాళ కొంత, రేపు కొంత, ఎల్లుండి కొంత ఉంటుంది. అందుకని ఇవాళ్టి తడి లెక్క తేలాలంటే ఇవాళ్టి నీటి వంతుకి నిన్నటి, మొన్నటి నీళ్ళ వంతులు కూడా కలపాలి. ఆ జవాబు కిందే ఇప్పుడు నీలవేణి కొత్తగా రాసింది:

"ఈ జవాబు తప్పు. ఇవాళ్టి తడికి ఇవాళ పెట్టిన నీరు ఒక్కటి చూస్తే చాలు. నిన్నటివి కలపనక్కర్లేదు. సప్లీ వాళ్ళు గమనించగలరు."

గిరిబాబు భుజం మీదుగా చదివి కంగారుపడ్డాడు. "అమ్మా, మిగతా పది మందీ ఇదే రాసీగలరు!"

"సాయంత్రానికి ఆడు రాకపోతే నేనే కింద సరైంది రాసీస్తాను సార్. ఆడు రైతు కొడుకు. మడి గురించి తప్పు కూస్తే ఓర్సుకోడు."

అరగంట గడిచింది. గంట గడిచింది. గిరిబాబు ప్రింటర్ బాగు చేస్తున్నట్టు నటిస్తూ తెర మీదే కన్నేసి ఉంచాడు. నీలవేణి గ్లాసులో టీ తాగకుండానే చల్లార్చేసింది. రెండు గంటల పది నిమిషాలకి జవాబు వచ్చింది.

"ఎవరే నీకు చెప్పింది? నిన్న పెట్టిన నీరు ఏ గంగలో కలిసింది? మీ నాన్న నిన్న తడి పెట్టిన మడిలోకి ఇవాళ చెప్పుల్తో దిగి చూడు, కాలు మడమ దాకా దిగుతుంది. నువ్వు డెబ్బై రెండు ఎలా తెచ్చుకున్నావో ఆ దేవుడికే తెలియాలి."

నీలవేణి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గిరిబాబుకి తెలియలేదు.

"ఊరుకోకు. ఇంకోటి రాయి" అన్నాడు.

ఆమె రాసింది. వాడు తిట్టాడు. మళ్ళీ రాసింది. వాడు బొమ్మ గీసి, ఫోటో తీసి పెట్టాడు. బొమ్మ అంచున ఇంజనాయిలు మరక. నాలుగో జవాబు మధ్యలో వాడే ఆగి, "ఒక్క నిమిషం, పాతది చూసి చెప్తా" అన్నాడు. ఆ తర్వాత ముప్పావుగంట పాటు తన పాత జవాబులు ఒక్కొక్కటీ తెరిచి చదువుతూనే ఉన్నాడు. ఎవరు ఏ పేజీ చూశారో గిరిబాబు జాబితాలో వరసగా పడుతోంది.

ఈలోగా సప్లీ రాసే ఇంకో సెక్షను కుర్రాడు, అప్పట్లో ఈ చర్చల జోలికే రాని సూరయ్య, పేజీ అడుగున భయం భయంగా అడిగాడు. "అన్నా, మీరు పాసైపోయిన సీనియరా? మాకు రోజూ చెప్తారా?"

నీలవేణి కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. ప్రమోద్ పరువంతా ఆ ప్రశ్న మీదే ఉంది. మౌనంగా వెళ్ళిపోతే ఇక పట్టుకునేవాళ్ళు లేరు.

చాలాసేపటికి జవాబు పడింది.

"సీనియర్ని కాదు తమ్ముడూ. నేనూ సప్లీయే. రేపు ఫారం ఇవ్వడానికి కాలేజీకొస్తున్నాను. పదింటికి లైబ్రరీలో కూర్చుందాం. నీలవేణి ఎలాగూ పాసైంది, దాన్ని రావద్దని చెప్పండి."