ఉమాదేవి రాసిన పేరు

అవనిగడ్డ కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు టైపిస్టుగా పనిచేసిన ఉమాదేవి చేతిమీదుగా ఎన్ని వేల కాగితాలు వెళ్లాయో లెక్కలేదు. అక్షరం తప్పు పడితే జడ్జిగారికంటే ముందు ఆవిడే పట్టుకునేది. అలాంటి మనిషి తన ఆరోగ్యానికి సంబంధించిన కాగితం మాత్రం చదవకుండానే సంతకం పెట్టింది.

అది రెండేళ్ల కిందటి మాట. రిటైరయ్యాక వినికిడి దాదాపు పోయింది. చెవికి మిషను పెట్టుకున్నా మాటలు గొణుగుడులా తప్ప వినపడవు. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది, లేకపోతే రాసి చూపించాలి. అదే సమయంలో కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. గుడివాడలో ఉండే తమ్ముడు ఫణీంద్ర వెంటబెట్టుకుని అక్కడి కిడ్నీ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. మొదటి రోజు కౌంటర్లో ఒక ఫారం ఇచ్చారు. "నా ఆరోగ్య వివరాలు ఈ కింది వ్యక్తితో మాట్లాడటానికి అనుమతిస్తున్నాను" అని ఉంది. తమ్ముడు తన పేరూ నంబరూ రాసేసి కింద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ సంతకం పెట్టింది. ఫోన్లో మాట్లాడలేని మనిషికి ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకుంది.

ఆ తర్వాత ప్రతి నెలా అదే వరస. డాక్టర్ శ్రీరామ్ కంప్యూటర్ వైపు తిరిగి ఫణీంద్రతో మాట్లాడతాడు. ఫణీంద్ర తల ఊపుతాడు. బయటికొచ్చాక "ఏం లేదక్కా, మందులు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు" అంటాడు. పావుగంట మాటల్లోంచి ఈ రెండు ముక్కలే రావడమేమిటని ఆవిడకి ఎప్పుడూ వెలితిగా ఉండేది. కానీ అడగలేదు. తమ్ముడు పనులు మానుకుని వస్తున్నాడు, ఇంకా విసిగించడం దేనికని ఊరుకుంది.

శ్రావణమాసంలో ఒక పొద్దున్న ఫోన్‌కి క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. "మీ కుటుంబ సభ్యుల కోరిక మేరకు ఇంటి వద్ద డయాలిసిస్ శిక్షణకు మీ పేరు రద్దు చేయబడింది."

ఉమాదేవి దాన్ని నాలుగుసార్లు చదివింది. డయాలిసిస్ అన్నమాటే ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇంటి వద్ద అనేది ఒకటి ఉందనీ తెలీదు. ఇవేవీ తెలియకముందే ఎవరో రద్దు చేశారు.

తమ్ముడికి మెసేజ్ పెట్టబోయి ఆగింది. ఫైలు సంచిలో పెట్టుకుని బస్టాండుకి నడిచింది. చల్లపల్లి, కూచిపూడి మీదుగా పామర్రు, అక్కణ్ణించి ఇంకో బస్సు. నాట్లు పడిన పొలాల మీద వాన పడుతూనే ఉంది. బస్సులో కూర్చుని చిన్న నోటుబుక్కులో అడగాల్సినవన్నీ ఒక్కొక్కటిగా రాసుకుంది. గుడివాడ చేరేసరికి రెండు పేజీలయ్యాయి.

క్లినిక్‌లో ఫైళ్లు చూసే నర్సు నాగశ్రీ ఆవిణ్ణి ఒంటరిగా చూసి ఆశ్చర్యపోయింది. "మీ తమ్ముడుగారు రాలేదామ్మా?" అని కాగితం మీద రాసింది.

"రాలేదు. నా ఫైలు నేను చదువుకోవచ్చా?" అంది ఉమాదేవి. వినపడకపోయినా మాట్లాడగలదు, కాకపోతే గొంతు ఎంత పెద్దగా వస్తుందో తెలియదు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

నాగశ్రీ కుర్చీ లాగి పక్కన కూర్చుంది. "మీ వివరాలు ముందుగా తెలుసుకోవాల్సింది మీరే" అని రాసి ఫైలు తెరిచింది.

అందులో అన్నీ ఉన్నాయి. కిడ్నీలు పదకొండు శాతమే పనిచేస్తున్నాయి. త్వరలో డయాలిసిస్ తప్పదు. రెండు దారులున్నాయి. ఒకటి, వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో మిషను తగిలించుకుని పడుకోవడం. రెండోది, పొట్టలోకి చిన్న గొట్టం పెట్టించుకుని, రోజూ ఇంట్లోనే తనంతట తను మందు నీళ్ల సంచులు ఎక్కించుకుని దించుకోవడం. రెండోది ఆవిడకి సరిపోతుందని డాక్టరు రాశాడు. దాని కింద ఇంకో చేతిరాత. "రోగి తమ్ముడు వద్దన్నారు. రోగి గుడివాడకు మారతారని చెప్పి, మిషను డయాలిసిస్‌కు ఒప్పుకున్నారు. విషయం రోగికి ఇప్పుడే చెప్పవద్దని కోరారు."

ఉమాదేవి కళ్లు ఆ మధ్య వాక్యం మీద ఆగిపోయాయి. గుడివాడకు మారడం. తన రెండు గదుల ఇల్లు, పొద్దున్నే కాలవగట్టు మీద నడక, సాయంత్రం వాకిట్లో చేరి తన దగ్గర టైపింగు నేర్చుకునే ఆడపిల్లలు, అన్నీ ఆ ఒక్క వాక్యంలో తుడిచిపెట్టుకుపోయాయి.

"నేను ఇచ్చిన అనుమతి దీనికేనా?" అని అడిగింది. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది.

నాగశ్రీ రెండేళ్లనాటి ఫారం తీసి ముందు పెట్టి, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చూపించింది. వివరాలు చెప్పవచ్చు అని మాత్రమే ఉంది. ఆవిడ తరఫున నిర్ణయాలు తీసుకోవచ్చని ఎక్కడా లేదు. ఆవిడకి చెప్పకూడదనీ లేదు. చివరి వరుసలో చిన్న అక్షరాల్లో, "రోగి ఈ అనుమతిని ఎప్పుడైనా రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు" అని ఉంది.

"ఇది ఆ రోజే చదివుండాల్సింది" అంది ఉమాదేవి.

"మేమూ ఆ రోజే చదివి చూపించాల్సిందమ్మా" అని రాసింది నాగశ్రీ.

డాక్టర్ శ్రీరామ్ ఆ మధ్యాహ్నం కంప్యూటర్ పక్కకి జరిపి ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. "తప్పు నాదండీ. మీతో మాట్లాడాల్సినవి ఆయనతో మాట్లాడాను" అన్నాడు నెమ్మదిగా, పెదాలు కనపడేలా. ఆవిడ నోటుబుక్కు తెరిచింది. రెండు పేజీల ప్రశ్నలకీ ఆయన రాసి జవాబులిచ్చాడు. నలభై నిమిషాలు పట్టింది. ఒంటరిగా ఉండేదాన్ని, చేసుకోగలనా? చేతులు వణకవు, చూపు బాగుంది, శుభ్రత పాటిస్తారు, చేసుకోగలరు. ప్రమాదం ఏమిటి? ఇన్ఫెక్షన్. బయటికొచ్చే నీరు మబ్బుగా కనపడితే వెంటనే మాకు చెప్పాలి. అప్పుడు మీరు నాకు ఫోన్ చేస్తే?

ఆ ప్రశ్న దగ్గర ఇద్దరూ ఆగారు.

"మెసేజ్ చూసుకునే స్థితిలో మీరు లేకపోతే ఎవరితో మాట్లాడాలి?" అని రాశాడు డాక్టరు.

ఉమాదేవి ఎక్కువ సేపు ఆలోచించలేదు. తోడికోడలు సుభాషిణి పక్క వీధిలోనే ఉంటుంది, నాగాయలంక హైస్కూల్లో లెక్కల టీచరు. ఏది ఉంటే అదే చెప్పే మనిషి. అక్కడే కూర్చుని మెసేజ్ పెట్టింది. "నా ఆరోగ్యం విషయాలు నీతో మాట్లాడమని క్లినిక్‌కి రాసిస్తాను. ఒప్పుకుంటావా? దాచకూడదు, నా బదులు నిర్ణయించకూడదు."

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అక్కయ్యా, ఒప్పుకున్నాను. రెండు షరతులూ నచ్చాయి."

నాగశ్రీ కొత్త ఫారం ఇచ్చింది. ఈసారి ఉమాదేవి కళ్లజోడు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. పేరు, సుభాషిణి. బంధుత్వం, తోడికోడలు. ఫోన్ నంబరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు. ఏయే వివరాలు అన్నచోట పరీక్షల ఫలితాలు, మందులు, డయాలిసిస్ జాగ్రత్తలు అని రాసింది. ఎంతకాలం అన్నచోట ఒక సంవత్సరం. కింద ఖాళీలో తన గుండ్రటి చేతిరాతతో, "ఏ చికిత్స అయినా నాకు చెప్పి, నా సమ్మతితోనే" అని చేర్చి, పక్కన పొట్టి సంతకం చేసింది. ఫణీంద్రకిచ్చిన అనుమతి ఈ రోజు నుంచి రద్దు చేస్తున్నానని వేరే కాగితం మీద రాసి తేదీ వేసింది. నాగశ్రీ సాక్షి సంతకం పెట్టి, రెండింటి కాపీలూ ఆవిడ చేతికిచ్చి, కంప్యూటర్లో పాత పేరు తీసేసి కొత్తది ఎక్కించింది.

తిరుగు బస్సులో ఉమాదేవికి ఆకలేసింది. చాలా నెలల తర్వాత అంత ఆకలి. పామర్రులో దిగి వేడివేడి ఇడ్లీ తింది.

మూడోరోజు ఫణీంద్ర ఊడిపడ్డాడు. పరీక్షల గురించి క్లినిక్‌కి ఫోన్ చేస్తే, "అనుమతి లేదండీ, మీ అక్కగారినే అడగండి" అన్నారట. మొహం ఎర్రగా ఉంది.

"రెండేళ్లు తిప్పానక్కా. నన్ను పరాయివాణ్ణి చేశావు" అన్నాడు.

"కూర్చో ఫణీ. నువ్వు తిప్పకపోతే ఈపాటికి నేను లేను. ఆ మాట ఎప్పటికీ మర్చిపోను. కానీ నా కిడ్నీలు పోతున్నాయని నాకెందుకు చెప్పలేదు?"

"భయపడతావని."

"భయపడే హక్కు నాదే కదరా. భయపడి, ఏడ్చి, తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించుకునేదాన్ని. నువ్వు ఆ అవకాశం కూడా నాకివ్వలేదు."

ఫణీంద్ర తల దించుకున్నాడు. నేల చూసి ఏమన్నా అన్నాడేమో, ఆవిడకి తెలియలేదు. కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఉమాదేవి ఇంటి డయాలిసిస్‌నే ఎంచుకుని గొట్టం పెట్టించుకుంది. రెండు వారాలు ఆగి శిక్షణకి వెళ్లింది. చేతులు కడగడం దగ్గర్నుంచి సంచి మార్చడం దాకా ప్రతిదీ టైపు చేసుకుని గోడకి అంటించింది. రోజుకి నాలుగు సంచులు. దసరా నాటికి గోడవైపు చూడాల్సిన అవసరం లేకపోయింది. సాయంత్రం టైపింగు పిల్లలు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

కార్తీకంలో ఒక పొద్దున్న దించిన నీరు గంజిలా మబ్బుగా వచ్చింది. ఫోటో తీసి క్లినిక్‌కి పంపింది. ఆ వెంటనే చలిజ్వరం ముంచుకొచ్చి, దుప్పటి కప్పుకుని మంచం మీద ఒరిగింది. ఫోన్ ఎక్కడ పడిందో తెలియదు. నాగశ్రీ పెట్టిన మెసేజ్‌లు మూడూ చదవకుండా ఉండిపోయాయి.

నాగశ్రీ ఇక ఆగలేదు. ఫైల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, పేరూ, పేషెంటు పుట్టిన తేదీ అడిగి సరిచూసుకుని విషయం చెప్పింది. "ఆ సంచి పారేయొద్దు. దాన్నీ, ఆవిణ్ణీ వెంటనే తీసుకురండి." స్కూలు బస్సు కోసం నిలబడ్డ సుభాషిణి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, అక్కయ్యను లేపి, కారు మాట్లాడి తొమ్మిదిన్నరకల్లా గుడివాడలో ఉంది. గంటలో మందు ఎక్కింది. నాలుగోరోజుకి నీరు మళ్లీ తేటపడింది.

"ఒక్కరోజు ఆలస్యమైతే గొట్టం తీసేయాల్సి వచ్చేది" అన్నాడు డాక్టర్ శ్రీరామ్, సుభాషిణితో కాదు, ఉమాదేవి మొహంలోకి చూస్తూ. ఆవిడ ప్రతి మాటా చదువుకుంది.

ఆ సాయంత్రం ఫణీంద్ర వార్డుకి వచ్చాడు. సుభాషిణి చెప్పగా తెలిసిందట. మంచం పక్కన కూర్చుని, ఆవిడ నోటుబుక్కు తీసుకుని రాశాడు. "నా పేరు కూడా ఎక్కిస్తావా అక్కా? దాచను."

ఉమాదేవి తమ్ముడి మొహం చూసింది. నాగశ్రీని పిలిచి ఫారం అడిగింది. రెండో పేరుగా ఫణీంద్ర అని రాసింది. ఏయే వివరాలు అన్నచోట "పరీక్షల ఫలితాలు మాత్రమే" అని రాసి అతని వైపు తిప్పింది.

"అంతేనా?" అన్నాడు, పెదాలు కనపడేలా, నవ్వుతూ.

"ఈ సంవత్సరానికి అంతే" అంది ఉమాదేవి, వార్డంతా వినపడేలా. సంతకం పెట్టి, తేదీ వేసి, కాపీ ఇమ్మని చెయ్యి చాపింది.